గురువు ఊనిక కాదు: బొగ్గుబాయి మాట చెప్పే సాక్ష్యం

తెలుగు పదంలో ఊనిక ఎక్కడ పడుతుందన్న ప్రశ్నకు పరిశోధన వ్యాసాలలో ఒక సులువైన సమాధానం తరచు కనిపిస్తుంది. పదంలో గురువు ఉంటే గురువుమీద, అన్నీ లఘువులైతే మొదటిదానిమీద ప్రధాన ఊనిక. మిగిలిన గురువులమీద గౌణ ఊనిక. సూత్రానికి లొంగని పదాలు అపవాదాలు. ఈ సమాధానంలో ఆకర్షణ ఉంది. ఛందశ్శాస్త్రం తరతరాలుగా నేర్పిన గురులఘు విభాగం ఆధునిక ధ్వనిశాస్త్రపు అక్షరభారంతో చక్కగా సరిపోలినట్టు కనిపిస్తుంది. పాత శాస్త్రానికి కొత్త శాస్త్రం సాక్ష్యం పలికిందన్న తృప్తి దక్కుతుంది.

ఆ తృప్తికి తగిన ఆధారం లేదని ఈ వ్యాసం వాదిస్తుంది. తెలుగులో అక్షరభారం నిజం. పద్యం నడిచేది దానిమీదనే. అయితే భారం ఉన్నంత మాత్రాన ఊనిక దానిని అనుసరిస్తుందని చెప్పడానికి వీలులేదు. అనుసరిస్తుందని చూపడానికి చెవితో నిమిత్తం లేని సాక్ష్యం కావాలి. అటువంటి సాక్ష్యం వ్యవహారభాషలో ఉంది. రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుబాయిలలోనూ కార్మికవాడలలోనూ నిత్యం వినిపించే, ‘మింగి పలికిన’ మాటలని శిష్టులు పక్కన పెట్టే రూపాలే ఆ సాక్ష్యం. ఆ రూపాలను వరుసగా పేర్చి చూస్తే గురువుమీద ఊనిక అన్న సూత్రం నిలవదు. గౌణ ఊనిక అన్నది అంతకంటె ముందే పడిపోతుంది.

సూత్రం పుట్టిన చోటు

భారాన్ని బట్టి ఊనికను నిర్ణయించే పద్ధతి గాలిలోంచి పుట్టలేదు. 1968లో చామ్‌స్కీ, హాలే ఇంగ్లీషు ధ్వనివ్యవస్థపై వెలువరించిన గ్రంథం, 1977లో లిబర్‌మన్, ప్రిన్స్ రాసిన వ్యాసం, 1995లో హేజ్ ప్రచురించిన గ్రంథం ఈ మార్గంలో మైలురాళ్లు. మెట్రికల్ ఫొనాలజీ అని పేరుపడిన ఈ శాఖ పదాన్ని చిన్న చిన్న గణాలుగా విడదీస్తుంది. ఒక్కొక్క గణంలో ఒక బలాక్షరం ఉంటుంది, దాని పక్కన బలహీనాక్షరం ఉండవచ్చు. గణాల బలాక్షరాలలో ఒకటి ప్రధాన ఊనికను, తక్కినవి గౌణ ఊనికను పొందుతాయి. ఇక్కడ గణమంటే పద్యగణం కాదు. మాటను పలికేటప్పుడు ఏర్పడే తూకపు ముక్క.

ఇంగ్లీషులో ‘అరిజోనా’ అన్న పేరులో చివరినుంచి రెండవ అక్షరం గురువు, ఊనిక దానిమీద పడుతుంది. ‘అమెరికా’లో ఆ స్థానం లఘువు కనుక ఊనిక ఇంకొక అక్షరం వెనక్కు జరుగుతుంది. ‘వెనిలా’ వంటి మాటలలో అదే స్థానం తేలికగా ఉన్నా ఊనిక అక్కడే నిలుస్తుంది కాబట్టి దాన్ని అపవాదంగా గుర్తించవలసి వచ్చింది. ఆ అపవాదాన్ని గుర్తించింది ఒక్క చెవి మాత్రమే కాదు. ఇంగ్లీషులో ఊనిక లేని అచ్చు సాధారణంగా తన రూపాన్ని కోల్పోయి అస్పష్టమైన కురచ ధ్వనిగా మారుతుంది. ‘ఆటమ్’ అన్న పదంలో రెండవ అచ్చు అలా మసకబారుతుంది. ‘అటామిక్’ అన్నప్పుడు అదే అచ్చు వెలుగులోకి వస్తుంది, మొదటిది మసకబారుతుంది. ‘అలబామా’లో ప్రధాన ఊనిక మూడవ అక్షరంమీద ఉన్నా, మొదటి అచ్చు మసకబారదు. అక్కడ గౌణ ఊనిక ఉందనడానికి అదే రుజువు. సూత్రం చెప్పిన దానిని వేరొక ధ్వనిమార్పు ధ్రువీకరిస్తున్నది. అపవాదానికీ గౌణ ఊనికకూ అక్కడ గౌరవం దక్కింది ఈ ధ్రువీకరణ వల్లనే.

తెలుగుకు ఆ పద్ధతిని తెచ్చినవారు సూత్రాన్ని తెచ్చారు, ధ్రువీకరణను తేలేదు. దాని స్థానంలో చెవిని నిలబెట్టారు.

చెవి సాక్ష్యం ఎందుకు చాలదు

లిస్కర్, భద్రిరాజు కృష్ణమూర్తి కలిసి 1991లో తెలుగు పదాలలో ఊనికపై తెలుగు, ఇంగ్లీషు మాతృభాషలుగా గల భాషావేత్తల తీర్పులను పరిశీలించారు. ఊనికలేని భాషలో పదోనిక అన్న భావం వచ్చేలా ఆ వ్యాసానికి పెట్టిన శీర్షికలోనే సమస్య మొత్తం ఇమిడి ఉంది. ఊనికను గుర్తించమని అడిగితే వినేవారు ఏదో ఒక అక్షరాన్ని చూపుతారు. దేనిని ఆధారంగా చేసుకుని చూపారన్నదే అసలు ప్రశ్న.

తెలుగులో అచ్చు నిడివి అర్థాన్ని మారుస్తుంది. ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు. ‘కలు’పుకూ ‘కాలు’వకూ ఉన్న తేడాలో మొదటి అంశం నిడివే. అందువల్ల దీర్ఘాక్షరం కాలంలో పొడవుగా ఉండక తప్పదు, పొడవైనది చెవికి ప్రముఖంగా తోచకా తప్పదు. ఆ ప్రాముఖ్యాన్ని ఊనిక అని పిలిస్తే ‘గురువుమీద ఊనిక పడుతుంది’ అన్న వాక్యానికి ‘పొడవైన అక్షరం పొడవుగా వినిపిస్తుంది’ అన్నదానికి మించిన అర్థం మిగలదు.

గనుల ప్రాంతంలో రోజూ వినిపించే ‘మేనేజరు’ అన్న మాటనే చూడవచ్చు. ఇంగ్లీషులో దీని ఊనిక మొదటి అక్షరంమీద. రెండవ అచ్చు ఊనిక లేక మసకబారినది. తెలుగులోకి వచ్చేసరికి ఆ మసక అచ్చే ‘నే’ అని దీర్ఘమైంది. ఇంగ్లీషు ఊనిక ఈ దీర్ఘానికి కారణం కాదు. అక్కడ ఊనికే లేదు. అయినా తెలుగు మాటను వినిపించి అడిగితే ‘నే’ బలంగా ఉందనేవారు ఉంటారు. వారు విన్నది నిడివిని. ఇటువంటి ఎరువు మాటలను ఊనికకు అపవాదాలుగా పట్టికలో చేర్చడం, లేని వ్యాధికి మందు రాయడంతో సమానం.

స్వరలోపం అనే సాక్షి

ఇంగ్లీషులో అచ్చు మసకబారడం చేసే పనిని తెలంగాణ వ్యవహారంలో అచ్చు లోపించడం చేయగలదు. ‘తెలువదు’ అన్నది ‘తెల్వదు’ అవుతుంది. ‘పిలిచి’ ‘పిల్చి’గా, ‘అడుగరు’ ‘అడ్గరు’గా, ‘తీసుకో’ ‘తీస్కో’గా వినిపిస్తాయి. ఇవి గోదావరిఖనికి మాత్రమే చెందినవి కావు. అయితే వేర్వేరు ప్రాంతాల కుటుంబాలు బాయి పనికి వచ్చి చేరిన వాడలలో ఈ రూపాలు పక్కపక్కనే దొరుకుతాయి, అందుకే పరిశీలనకు అనువైన చోటు అది. కోస్తా వ్యవహారంలోని ‘పిలిచారు’ సైతం ‘పిల్చారు’ కావడం గమనిస్తే, క్రియాప్రత్యయాలు వేరైనా లోపించే స్థానం ఒకటేనని తెలుస్తుంది.

ఎక్కడ అచ్చు లోపిస్తుందో అక్కడ ఊనిక లేదు. ఎక్కడ ఎన్నడూ లోపించదో అక్కడ ఉండవచ్చు. ఈ కొలతతో భారసూత్రాన్ని పరీక్షించడం సాధ్యం.

భారసూత్రం పదాన్ని ఎడమనుంచి రెండు మాత్రల గణాలుగా విడదీస్తుంది. ఒక గురువు ఒక గణం; లేదా రెండు లఘువులు ఒక గణం, వాటిలో మొదటిది బలాక్షరం. ‘తెలువదు’లో నాలుగూ లఘువులు. ‘తెలు’ ఒక గణం, ‘వదు’ ఒక గణం. మొదటి గణంలో బలహీనమైనది ‘లు’. దాని అచ్చే లోపించింది. ‘తెల్వదు’లో ‘తె’ సంయుక్తానికి ముందుండి గురువైంది కనుక రెండు మాత్రల లెక్క కూడా చెదరలేదు. ‘అడుగరు’ కూడా ఇలాగే సరిపోతుంది. ఇంతవరకు సూత్రం గెలిచినట్టే కనిపిస్తుంది. చాలా వాదాలు ఇక్కడే ఆగి విజయం ప్రకటించుకుంటాయి.

మొదటి అక్షరం గురువైన పదాలవైపు ఒక్క అడుగు వేస్తే పరిస్థితి మారుతుంది. ‘ఊరికె’ అన్న మాటలో ‘ఊ’ తానే ఒక గణం. మిగిలిన ‘రికె’ రెండవ గణం, అందులో ‘రి’ బలాక్షరం. సూత్రం ప్రకారం ‘రి’ నిలవాలి. జనవ్యవహారంలో వినిపించేది ‘ఊర్కె’. ‘తాగుతడు’లో ‘తా’ ఒక గణం, ‘గుత’ రెండవ గణం, ‘డు’ మిగులు. బలాక్షరమైన ‘గు’ నిలిచి, బలహీనమైన ‘త’ కదలాలి. పలుకుబడి దీనికి సరిగ్గా ఎదురు. లోపించేది ‘గు’లోని అచ్చే, రూపం ‘తాగ్తడు’. రాతలో ‘బాయికి’ అన్నదానిని పలుకులో ‘బాయ్‌కి’గా వినడం ఈ కోవకే చెందుతుంది.

ఇప్పుడు రెండు వరుసలనూ కలిపి చూడాలి. ‘తెల్వదు’, ‘అడ్గరు’, ‘పిల్చి’, ‘ఊర్కె’, ‘తాగ్తడు’, ‘తీస్కో’. మొదటి మూడింటిలో పదాది లఘువు, తర్వాతి మూడింటిలో పదాది గురువు. లోపించినది మాత్రం అన్నిటిలోనూ రెండవ అక్షరపు హ్రస్వాచ్చే. మొదటి అక్షరం బరువైనదా తేలికైనదా అన్న విచారణ ఈ లోపానికి అక్కరలేదు. పదాది అక్షరం ఎప్పుడూ బలమైనది, దాని వెంటనే వచ్చే అక్షరం బలహీనమైనది; ఇంతే చాలు. ఊనిక అనదగినది ఏదైనా ఈ వ్యవహారంలో ఉంటే అది పదాదిన ఉంది, భారాన్ని బట్టి చోటు మారడం లేదు.

భారానికి పని లేదని దీని అర్థం కాదు. దాని పని వేరు. రెండవ అక్షరం గురువైతే లోపం జరగదు. ‘తెలంగాణ’లో ‘లం’ బిందుసహితం కనుక నిలుస్తుంది. ‘మేనేజరు’లో ‘నే’ దీర్ఘం కనుక నిలుస్తుంది. అలాగే లోపం వల్ల పలకడానికి కష్టమైన హల్లుల గుంపు ఏర్పడే చోట్ల, ‘వచ్చినరు’లోని ‘చ్చి’ వంటి చోట్ల, రెండవ అక్షరం కదలదు. గురుత్వం అచ్చుకు కవచం. ఊనికను పిలిచే గంట కాదు. కవచం ఉన్నవాడు నిలబడ్డాడు కనుక అతడే రాజు అన్నట్టుగా ఉంది భారవాదుల తర్కం.

అపవాదాలను ఏం చేయాలి

ప్రతి సూత్రానికీ లొంగని పదాలుంటాయి. వాటిని ఎలా పట్టించుకుంటారన్నదే సూత్రానికి పరీక్ష. ‘ఊర్కె’, ‘తాగ్తడు’ వంటివి ఎదురైనప్పుడు భారసూత్రపక్షం వాటిని నిఘంటువులో గుర్తుపెట్టవలసిన అపవాదాలంటుంది, లేదా చివరి అక్షరాన్ని లెక్కకు వెలిగా ఉంచుతుంది. చివరి అక్షరాన్ని తీసివేసి చూసినా ‘తాగుతడు’లో ‘గుత’ గణం గణంగానే ఉంటుంది, ‘గు’ బలాక్షరంగానే ఉంటుంది. ఇక మిగిలేది గుర్తు పెట్టడం ఒక్కటే. లొంగిన పదాన్ని సూత్రానికి సాక్ష్యంగా, లొంగనిదాన్ని గుర్తుకు సాక్ష్యంగా తీసుకుంటే ఆ సూత్రం ఓడిపోయే అవకాశమే లేదు. ఓడిపోయే అవకాశం లేని సూత్రం ఏమీ చెప్పదు.

పైన ప్రతిపాదించిన పదాది సూత్రానికీ అపవాదాలున్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు. ‘తాగరు’ అన్న మాటలో రెండవ అక్షరం ‘గ’ హ్రస్వం. సూత్రం ప్రకారం ‘తాగ్రు’ కావాలి, కాదు. ‘తినరు’ ‘తిన్రు’ కాదు. ‘గ్ర’ పలకడం తెలుగువారికి కష్టమనడానికి లేదు. ‘ఆగ్రహం’ అన్న మాట అందరూ పలుకుతారు. కారణం ధ్వనిలో లేదు, పదనిర్మాణంలో ఉంది. ‘తాగరు’లో వ్యతిరేకార్థాన్ని మోస్తున్నది ఆ ఒక్క అకారమే. అది పోతే వ్యతిరేకమే పోతుంది. ‘అడుగరు’లో వ్యతిరేకపు అకారం మూడవ అక్షరంలో ఉంది, అందుకే రెండవ అచ్చు నిరాటంకంగా లోపించి ‘అడ్గరు’ అయింది, అకారం మాత్రం నిలిచింది. ‘తెల్వదు’లోనూ ఇదే జరిగింది.

ఈ అపవాదానికీ ముందటి పక్షం గుర్తుపెట్టే అపవాదానికీ భేదం ఉంది. ఇది ఒక పదానికి చెందినది కాదు, ఒక వ్యాకరణాంశానికి చెందినది. వ్యతిరేకపు అకారం రెండవ అక్షరంగా ఉన్న ప్రతి క్రియలోనూ లోపం జరగరాదని ముందే చెబుతుంది. ‘తాగ్రు’, ‘తిన్రు’ వంటివి వ్యతిరేకార్థంలో నిలకడగా వినిపిస్తే ఈ వివరణ తప్పని ఒప్పుకోవాలి. కారణం చెప్పి, తప్పు తేలే దారి చూపే అపవాదమే శాస్త్రంలో అపవాదం.

మరొక జాగ్రత్త అవసరం. సింగరేణిలో తాత్కాలికంగా పనిలోకి తీసుకున్నవారిని బదిలీ కార్మికులనడం పరిపాటి. పలుకులో అది ‘బద్లీ’. ‘బదిలీ’ నుంచి రెండవ అచ్చు లోపించి ‘బద్లీ’ వచ్చిందని, ఇది సూత్రానికి మరో సాక్ష్యమని చూపడం సులభం. అలా చూపడం తప్పు. ఉర్దూలో ఆ మాటకు మూలరూపమే ‘బద్లీ’. ఇకారం తెలుగు రాతలో చేరినది, పలుకులో లోపించినది కాదు. ఇలాగే ‘రామ్‌గుండం’ అన్న ఉచ్చారణ హిందీ, ఉర్దూ మాట్లాడేవారి నోటినుంచి కూడా వస్తుంది గనుక దానిని తెలుగు స్వరలోపానికి సాక్ష్యంగా ఎంచడానికి వీలులేదు. తన పక్షానికి అనుకూలించే ఉదాహరణలను ఏరిపారవేయడం కూడా అపవాద విచారణలో భాగమే.

గౌణ ఊనిక ఉందా

గౌణ ఊనికకు అనుకూలంగా చూపదగిన అత్యుత్తమ రూపం ‘పిల్చిన్రు’. ‘పిలిచినరు’ అన్నదానిని ‘పిలి’, ‘చిన’, ‘రు’ అని విడదీస్తే రెండు గణాలలోనూ బలహీనాక్షరాలు ‘లి’, ‘న’. సరిగ్గా ఆ రెండు అచ్చులే లోపించాయి. ‘పి’ ప్రధానం, ‘చి’ గౌణం. ఇంతకంటె అందమైన సాక్ష్యం మరొకటి దొరకదు.

ఆ అందాన్ని నమ్మే ముందు ‘చేస్తున్రు’ అన్న రూపాన్ని అడగాలి. ‘చేస్తున్నరు’లో ‘చేస్’ ఒక గణం, ‘తున్’ ఒక గణం, ‘నరు’ మూడవది. ‘న’ ఇక్కడ బలాక్షరం, అయినా దాని అచ్చు లేదు. ఒకే ‘న్రు’ ఒక చోట బలహీనత వల్ల, మరొక చోట బలం ఉండగానే వచ్చిందనడం కుదరదు. ఈ చిక్కు విడిపోయేది ‘పిల్చిండ్రు’, ‘చేస్తుండ్రు’ అన్న రూపాలను పక్కన పెట్టి చూసినప్పుడు. ఏకవచనంలో ‘పిల్చిండు’, ‘చేస్తుండు’ ఉన్నాయి. వాటికి సాటి బహువచనాలే ‘ండ్రు’తో ముగుస్తాయి. ‘న్రు’ కనిపించిన చోటల్లా ‘ండ్రు’ దానికి తోడుగా ఉంది. కనుక ‘న్రు’ను అప్పటికప్పుడు అచ్చు లోపించి ఏర్పడినదిగా గాక, ప్రత్యయం తాల్చిన ఒక రూపంగా తీసుకోవడమే సమంజసం. అప్పుడు ‘పిల్చిన్రు’లో నిజమైన స్వరలోపం ఒక్కటే మిగులుతుంది, అది పదం రెండవ అక్షరంలోనే. రెండవ గణానికి ఉన్న అందమైన సాక్ష్యం చేజారింది.

మిగిలినవి ‘కనబడ్తది’ వంటి మాటలు. ఇక్కడ ‘డు’లోని అచ్చు లోపించింది, అది పదంలో నాలుగవ అక్షరం. అయితే ‘కనబడు’ జంటపదం. ‘పడు’ విడిగా నిలిచినా ‘పడుతది’ ‘పడ్తది’ అవుతుంది. లోపించినది రెండవ పదపు రెండవ అక్షరమే. పదాది బలం అన్న ఒక్క సూత్రమే రెండుసార్లు పనిచేసింది. దీనిని గౌణ ఊనిక అని పిలవదలచుకుంటే పిలవవచ్చు. కాని అది గణాల లెక్కనుంచి రాలేదు, పదాల సరిహద్దునుంచి వచ్చింది. గోదావరిఖనిని స్థానికులు ‘ఖని’ అని పొట్టిగా పిలవడంలోనూ ఆ సరిహద్దే పనిచేస్తున్నది.

జంటపదం కాని మాటలో, రెండవ అక్షరం తర్వాత, ప్రత్యయ చరిత్రతో వివరించరాని స్వరలోపం నిలకడగా నమోదైన నాడు రెండవ గణాన్ని అంగీకరించాలి. గోదావరి పేరులో ‘రి’ అచ్చు లోపించి ‘గోదావర్’ అన్న రూపం పర భాషల ప్రభావం లేని నోళ్లలో అలా నిలకడగా దొరికితే, ఈ వ్యాసపు వాదమే సవరించుకోవలసి వస్తుంది. ‘గోదారి’ అన్న రూపం అందుకు పనికిరాదు. అక్కడ జరిగింది ‘దావ’ కుదించుకుని ‘దా’ కావడం, ఒక్క హ్రస్వం లోపించడం కాదు.

స్వరలోపం చెప్పలేనిది కూడా ఒకటుంది. అది బలమైన చోటును బలహీనమైన చోటునుంచి వేరు చేస్తుంది, రెండు బలమైన చోట్లలో ఏది ఎక్కువో చెప్పదు. ‘కనబడ్తది’లో ‘క’ ప్రధానమా ‘బ’ ప్రధానమా అన్నది దానికి అందని ప్రశ్న. ఆ తారతమ్యాన్ని స్థాపించాలంటే నిడివి, స్వరపు ఎత్తు, తీవ్రతలను కొలవాలి. అచ్చు సహజ నిడివిని ముందుగా తీసివేసి కొలవాలి. ఆ పని చేయనిదే ఒక అక్షరంమీద ఒక గీత, మరొకదానిమీద రెండు గీతలు గీయడం ధ్వనిశాస్త్రం కాదు, అలంకరణ.

భారసూత్రం ఇంగ్లీషులో నిలబడింది మసకబారే అచ్చుల భుజాలమీద. తెలుగులో దానిని నిలబెట్టవలసిన అచ్చులు వేరే దిక్కు చూపుతున్నాయి. ‘తెల్వదు’ అన్నవాడు మాట మింగలేదు. పదాది అక్షరాన్ని కాపాడి, రెండవ అచ్చును విడిచాడు. ‘తాగరు’ దగ్గర ఆ అచ్చులో అర్థం ఉన్నదని తెలిసి విడవలేదు. ఆ పలుకును అపభ్రంశమని ఎర్రసిరాతో కొట్టివేసిన చేయి, తెలుగు ఊనికపై దొరికే సాక్ష్యాన్నే కొట్టివేస్తున్నది.